అరబీలో ఆశ్చర్యం, మెప్పు, తిట్టు: ఒక్క జబర్ మారితే మాట తిరగబడుతుంది

ఇవాళ రెండు విషయాలు చూద్దాం. ఒకటి, "అబ్బా, ఎంత బాగుందో!" అని అరబీలో ఎలా అంటారు. రెండోది, "మనిషంటే ఇతనే" అని మెచ్చుకోవడం, "ఛీ, ఇదేం అలవాటు" అని తీసిపారేయడం. ఇందులో మొదటిదాన్ని కొంచెం లోతుగా చూస్తాం. ఎందుకంటే అక్కడ ఒక్క అచ్చు తప్పు పలికితే మెప్పు కాస్తా ఫిర్యాదు అయిపోతుంది.

ముందు మన తెలుగులో ఒకసారి చూసుకోండి. "ఎంత బాగుంది?" అంటే ప్రశ్న. "ఎంత బాగుందో!" అంటే ఆశ్చర్యం. తేడా ఎంత? చివర ఒక్క "ఓ". ఆ "ఓ" తీసేస్తే ఎదుటివాడు జవాబు చెప్పడానికి సిద్ధమవుతాడు. పెడితే తనూ తల ఊపుతాడు. అరబీలోనూ సరిగ్గా ఇదే పని అచ్చులు చేస్తాయి. కాకపోతే అక్కడ మారేది ఒక చోట కాదు, రెండు చోట్ల.

ఆశ్చర్యానికి అరబీలో మొదటి అచ్చు పోత "మా అఫ్‌అల". పోత అని ఎందుకంటున్నానంటే, అఫ్‌అల అన్నది అసలు మాట కాదు, మూస. ఆ మూసలో మనకి కావలసిన ధాతువు అక్షరాలు పోస్తాం. మంచితనం చెప్పే హ, స, న అనే మూడు హల్లులు పోస్తే "అహ్‌సన". అందం చెప్పే జ, మ, ల పోస్తే "అజ్‌మల". పెద్దతనం చెప్పే క, బ, ర పోస్తే "అక్‌బర". ముందు "మా" పెట్టండి, తర్వాత ఈ మూస మాట, ఆ తర్వాత దేన్ని చూసి ఆశ్చర్యపోతున్నామో ఆ పేరు. ఈ పేరు చివర జబర్ రావాలి, అంటే "అ" చప్పుడు. ఖురాన్ చదవడం నేర్చుకున్నవాళ్ళకి జబర్, జేర్, పేష్ తెలిసే ఉంటాయి. తెలియనివాళ్ళకి చెప్తున్నా: జబర్ అంటే అ, జేర్ అంటే ఇ, పేష్ అంటే ఉ. అరబీ వ్యాకరణంలో వీటినే ఫతహ, కస్‌ర, దమ్మ అంటారు.

ఇప్పుడు ఒక వాక్యం తీసుకుందాం. గురువుకి అరబీలో "ము'అల్లిమ్". (మధ్యలో నేను పెట్టిన చిన్న గీత గొంతులోంచి వచ్చే ఐన్ అక్షరానికి గుర్తు.) "గురువుగారు ఎంత మంచివారో!" అనాలి. ఇలా అంటాం:

మా అహ్‌సనల్ ము'అల్లిమ!

రెండు చోట్లా జబర్ గమనించండి. "అహ్‌సన" చివర అ, "ము'అల్లిమ" చివర అ. ఈ రెండు అ-లూ ఉంటేనే అది ఆశ్చర్యం.

ఇప్పుడు రెండో దాన్ని మార్చి చూడండి. మొదటిది అలాగే ఉంచి, గురువు చివర పేష్ పెట్టండి:

మా అహ్‌సనల్ ము'అల్లిము.

ఏమైంది? "గురువు బాగా చేయలేదు" అని అయింది! ఇక్కడ "మా" అంటే "లేదు". "అహ్‌సన" అంటే బాగా చేశాడు అనే మామూలు భూతకాల క్రియ. పేష్ వల్ల గురువు కర్త అయ్యాడు. మెచ్చుకుందామని నోరు తెరిచిన విద్యార్థి గురువుని తప్పుపట్టి కూర్చున్నాడు.

మూడోది. ఈసారి మధ్య మాటకి పేష్, గురువుకి జేర్:

మా అహ్‌సనుల్ ము'అల్లిమి?

ఇది ప్రశ్న. "గురువులో అన్నిటికంటే మంచిది ఏది?" అని అడిగినట్టు. ఇక్కడ "మా" అంటే "ఏది". "అహ్‌సను" అంటే "అత్యుత్తమమైనది" అనే నామవాచకం. అతని చదువా, ఓపికా, గొంతా, ఏదని చెప్పమంటున్నాడు.

హల్లులు ఒక్కటీ మారలేదు. "మా" కూడా మారలేదు. ఆశ్చర్యం, నిరాకరణ, ప్రశ్న అన్న మూడు పనులూ అచ్చులే చేశాయి. వ్యాకరణ పండితులు వందల ఏళ్ళుగా విద్యార్థులకి ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తారు. విభక్తి అచ్చులు ఎందుకు నేర్చుకోవాలి అని అడిగేవాడికి ఇంతకంటే సూటి జవాబు ఉండదు.

దీనికి ఒక పాత కథ కూడా ఉంది. బస్రా నగరంలో అబుల్ అస్వద్ అద్దుఅలీ అనే ఆయన ఉండేవారు. హిజ్రీ 69లో చనిపోయారని చెప్తారు. అరబీ వ్యాకరణానికి పునాది వేసినవారిగా సంప్రదాయం ఆయన్ని చెప్పుకుంటుంది. ఒక రాత్రి వాళ్ళమ్మాయి ఆకాశం చూసి "ఎంత అందంగా ఉందో" అనబోయిందట. కానీ "మా అహ్‌సనుస్ సమాఇ" అంది. అంటే మన మూడో రూపం. తండ్రి ప్రశ్న అనుకుని "దాని నక్షత్రాలమ్మా" అని జవాబిచ్చాడట. "నేను అడగలేదు నాన్నా, ఆశ్చర్యపోయాను" అందా పిల్ల. "అలాగైతే నోరు బాగా తెరిచి మా అహ్‌సనస్ సమాఅ అను" అన్నాడట. నోరు తెరవడం అంటే జబర్ పలకడమే. ఉ అన్నప్పుడు పెదాలు ముడుచుకుంటాయి, అ అన్నప్పుడు తెరుచుకుంటాయి కదా. ఫతహ అన్న పేరులో ఉన్న అర్థం కూడా తెరవడమే. ఈ కథ వేరే రకంగా కూడా చెప్తారు. అందులో ఆకాశం బదులు ఎండ వేడి ఉంటుంది, పిల్ల తప్పు మాత్రం ఇదే. అచ్చుల్ని చూపించడానికి అక్షరం పైన, కింద, పక్కన చుక్కలు పెట్టే పద్ధతిని మొదలుపెట్టింది కూడా ఆయనేనని సంప్రదాయం.

సరే, ఇప్పుడు అసలు చిక్కు. మనం ఫోన్‌లో అరబీ టైప్ చేసేటప్పుడు ఈ అచ్చు గుర్తులు ఎవరం పెడతాం? ఎవరూ పెట్టరు. అప్పుడు ఆ మూడు వాక్యాలూ తెరమీద ఒకేలా కనిపిస్తాయి. పోనీ వాయిస్ మెసేజ్ పెడదామా అంటే ఇంకో చిక్కు. అరబీలో వాక్యం చివర ఆగినప్పుడు ఆఖరి చిన్న అచ్చు పలకరు. "ము'అల్లిమ" అయినా, "ము'అల్లిము" అయినా, ఆగితే రెండూ "ము'అల్లిమ్" అవుతాయి. ప్రశ్న మాత్రం మధ్యలో ఉన్న "అహ్‌సను" వల్ల దొరికిపోతుంది. మెప్పు, నిరాకరణ మాత్రం చెవికి కూడా ఒకటే అయిపోతాయి. "మా అహ్‌సనల్ ము'అల్లిమ్" అని ఆగితే రెండర్థాలూ వస్తాయి.

దీనికి మంచి ఉపాయాలు రెండు ఉన్నాయి. మొదటిది, పేరు చివర "నా" తగిలించండి. "నా" అంటే "మా", అంటే మా గురువు అనడానికి. ఇప్పుడు ఆ అచ్చు మధ్యలోకి వచ్చేసింది, ఆగినా పోదు. "మా అహ్‌సన ము'అల్లిమనా" అంటే మా గురువుగారు ఎంత మంచివారో. "మా అహ్‌సన ము'అల్లిమునా" అంటే మా గురువు బాగా చేయలేదు. చెవికి స్పష్టంగా తేడా తెలుస్తుంది. రెండో ఉపాయం, పేరుని ముందే చెప్పేసి తర్వాత సర్వనామం వాడండి: "మా అహ్‌సనహు!" అంటే "ఎంత మంచివాడో ఆయన!" ఇక్కడ "హు" కర్మ సర్వనామం, అందుకని "ఆయన బాగా చేయలేదు" అన్న అర్థం రానే రాదు.

చదివేటప్పుడు ఇంకో ఆనవాలు ఉంది. "అల్" లేని, తన్‌వీన్ తీసుకునే పేరు అయితే, ఉదాహరణకి జైద్ అనుకోండి, ఆశ్చర్యంలో అది "జైదన్" అవుతుంది. ఆ "అన్" కోసం రాతలో చివర ఒక అలిఫ్ నిలబడుతుంది. అచ్చు గుర్తులు లేకపోయినా అలిఫ్ కనబడుతుంది. అలిఫ్ ఉంటే ఆశ్చర్యం, లేకపోతే మిగతా రెండింట్లో ఏదో ఒకటి. మెసేజ్ చదివేటప్పుడు ముందు అక్కడ చూడండి.

ఇంతకీ ఆశ్చర్యంలో జబర్ ఎందుకొచ్చింది? కారణం తెలిస్తే మర్చిపోరు. బస్రా పండితుల లెక్క ప్రకారం ఇక్కడ "మా" అంటే "ఏదో ఒక గొప్ప సంగతి". "అహ్‌సన" అంటే "మంచిగా చేసింది". కాబట్టి వాక్యం లోపలి అర్థం: "ఏదో ఒక సంగతి ఈ గురువుని ఇంత మంచివాణ్ణి చేసింది!" కర్త "మా" వైపు చూపించే దాగిన సర్వనామం. గురువు కర్మ. అరబీలో కర్మకి జబర్ వస్తుంది. అంతే. కూఫా పండితుల్లో చాలామంది దీన్ని ఒప్పుకోలేదు. "అహ్‌సన" క్రియ కాదు, నామవాచకం అన్నారు. బస్రావాళ్ళు ఒక చిన్న అక్షరంతో జవాబు చెప్పారు. "నేను ఎంత అవసరంలో ఉన్నానో" అనడానికి అరబీలో "మా అఫ్‌ఖరనీ" అంటారు. నామవాచకానికి "నా" అన్న అర్థం తగిలిస్తే "ఈ" మాత్రమే వస్తుంది, కితాబీ అంటే నా పుస్తకం. క్రియకి తగిలిస్తే మధ్యలో ఒక న వచ్చి "నీ" అవుతుంది. ఇక్కడ "నీ" వచ్చింది కాబట్టి ఇది క్రియే అన్నారు. మన పనికి ఇది చాలు: క్రియ అనుకోండి, తర్వాతదానికి జబర్ పెట్టండి.

ఇక ఈ మూస ఎక్కడ ఆగిపోతుంది? అన్ని క్రియలనీ ఇందులో పోయలేం. మూడు హల్లుల క్రియ అయి ఉండాలి. హెచ్చుతగ్గులు ఉండే గుణం అయి ఉండాలి. చావు తీసుకోండి, "ఎంత చచ్చాడో" అని ఎవరూ అనరు. అందులో ఎక్కువ తక్కువ లేదు. అందుకే అరబీలోనూ ఆ క్రియ మూసలోకి రాదు. రంగులు కూడా రావు. ఎరుపుకి "అహ్‌మర్" అని ఇప్పటికే అదే ఆకారంలో మాట ఉంది కాబట్టి "మా అహ్‌మర" అనకూడదు. అప్పుడు ఏం చేయాలి? "తీవ్రత ఎంతో" అనే మాటని అరువు తెచ్చుకోవాలి: "అషద్ద". దాని తర్వాత రంగు పేరుని నామవాచకంగా పెట్టాలి. "దానిమ్మ ఎంత ఎర్రగా ఉందో" అనడానికి:

మా అషద్ద హుమ్‌రతర్ రుమ్మాని!

"హుమ్‌రత" అంటే ఎరుపుతనం, దానికి జబర్. దానిమ్మకి జేర్, ఎందుకంటే "దానిమ్మ యొక్క ఎరుపుతనం". పొడుగు క్రియలకీ ఇదే దారి. "వాడకం" అన్న మాట ధాతువు మీద అదనపు అక్షరాలు చేర్చి కట్టిన క్రియ నుంచి వచ్చింది, నేరుగా మూసలో పట్టదు. అందుకని "వాడు ఫోన్ ఎంత ఎక్కువ వాడతాడో" అనడానికి "అక్‌సర", అంటే "ఎంత ఎక్కువో", తెచ్చుకుంటాం: మా అక్‌సర ఇస్తిఖ్‌దామహు లిల్ హాతిఫి. కలిపి పలికేటప్పుడు ఆ "ఇ" జారిపోతుంది.

ఇప్పుడు రెండో భాగం, మెప్పు, తిట్టు. మెప్పుకి "ని'మ", తిట్టుకి "బి'స". ఈ రెండూ గడ్డకట్టిన క్రియలు. వీటికి వర్తమానం లేదు, ఆజ్ఞ లేదు. ఉన్న రూపంలోనే వాడాలి.

"మా అఫ్‌అల"లో మనం ఆశ్చర్యపడ్డాం. "ని'మ"తో తీర్పు చెప్తాం. తెలుగులో "గురువంటే జైదే!" అంటామే, అదే పద్ధతి. ముందు జాతి మొత్తాన్ని పిలుస్తాం, తర్వాత అందులో ఒకణ్ణి వేలుపెట్టి చూపిస్తాం.

ని'మల్ ము'అల్లిము జైదున్.

ఇందులో మూడు ముక్కలు. "ని'మ" క్రియ. "అల్ ము'అల్లిము" కర్త, పేష్‌తో. చివర "జైదున్", మెప్పు ఎవరికి దక్కుతుందో ఆ మనిషి, అతనికీ పేష్. ఈ మూడో ముక్కని వ్యాకరణంలో "మఖ్‌సూస్" అంటారు, అంటే ప్రత్యేకంగా ఎంచబడినవాడు. తిట్టుకీ ఇదే కట్టు: "బి'సల్ ఖులుఖుల్ కజిబు", అంటే "గుణాల్లో చెడ్డదంటే అబద్ధమే".

కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా జారేది రెండో ముక్క దగ్గర. "ని'మ జైదున్" అని నేరుగా మనిషి పేరు పెట్టేస్తారు. అది కుదరదు. "ని'మ" ముందు జాతిని అడుగుతుంది: దేనిలో మంచివాడు? గురువుగానా, పొరుగువాడిగానా? అందుకే అక్కడ "అల్" ఉన్న మాట కావాలి, లేదా "అల్" ఉన్న మాటకి ముడిపడిన మాట కావాలి. "ని'మ తాలిబుల్ ఇల్మి ఖాలిదున్", అంటే "విద్యార్థి అంటే ఖాలిదే". "అల్" తీసేయాలనిపిస్తే ఒక దారి ఉంది, కానీ అప్పుడు పేష్ జబర్‌గా మారాలి: "ని'మ ము'అల్లిమన్ జైదున్". ఇక్కడ అసలు కర్త దాగిన సర్వనామం. "ము'అల్లిమన్" అన్నది ఏ విషయంలో మంచివాడో వివరిస్తుంది. "ని'మ ము'అల్లిమున్ జైదున్" అంటే తప్పు. గుర్తు చాలా సులభం: అల్ ఉంటే ఉ, అల్ లేకపోతే అన్.

ఆడవాళ్ళ గురించి అయితే "ని'మల్ ము'అల్లిమతు హిందున్" అనొచ్చు, "ని'మతిల్ ము'అల్లిమతు హిందున్" అని కూడా అనొచ్చు. రెండూ సరే. మాట ఎవరి గురించో ముందే వచ్చేసి ఉంటే చివరి పేరు వదిలేయొచ్చు కూడా. జైద్ గురించే మాట్లాడుకుంటున్నాం అనుకోండి, "ని'మల్ ము'అల్లిము" అని ఆపేస్తే చాలు.

ఇప్పుడు మళ్ళీ మన విద్యార్థి దగ్గరికి వెళ్దాం. గురువుగారి పాఠం వీడియో కింద అచ్చు గుర్తులు లేకుండా మెచ్చుకోవాలి. "మా అహ్‌సన్ అల్ ము'అల్లిమ్" అని రాస్తే చదివేవాళ్ళు మూడు రకాలుగా చదువుకోవచ్చు. "మా అహ్‌సన ము'అల్లిమనా" అని రాసినా అచ్చు గుర్తు లేనిదే కళ్ళకి తేడా కనబడదు, నోటితో అన్నప్పుడే పనికొస్తుంది. అదే "ని'మల్ ము'అల్లిము" అని రాశాడనుకోండి, మాటలోనే మెప్పు ఉంది, ఏ అచ్చుతో చదివినా అది ఫిర్యాదుగా మారదు. "మా అహ్‌సనహు" అని రాసినా మెప్పుగానే చదువుతారు. కాబట్టి రాతలో ఈ రెండిట్లో ఒకటి, మాటలో "నా" తగిలించిన రూపం. వీధుల్లో, దుకాణాల్లో మాట్లాడే అరబీలో ఈ చివరి అచ్చులు దాదాపు పలకరు. అందుకని గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళకి ఇవి రోజూ చెవిన పడవు. వార్తల్లో, పుస్తకాల్లో, ఉపన్యాసాల్లో, పరీక్షల్లో మాత్రం ఇవే రాజ్యం.

వెళ్ళేముందు మూడు వాక్యాలు, వీడియో ఆపి ప్రయత్నించండి. "ఈ ఇల్లు ఎంత విశాలంగా ఉందో!" "ఆకు ఎంత పచ్చగా ఉందో!" "పొరుగువాడంటే ఖాలిదే!"

అయిందా? మొదటిది "మా అవ్‌స'అ హాజల్ బైత". విశాలం మూడు హల్లుల మాటే కాబట్టి నేరుగా మూసలో పట్టింది. రెండోది రంగు, కాబట్టి అరువు దారి: "మా అషద్ద ఖుద్‌రతల్ వరఖతి". మూడోది ఆశ్చర్యం కాదు, తీర్పు: "ని'మల్ జారు ఖాలిదున్". రెండోదానికి "మా అఖ్‌దర" అని రాసినవాళ్ళు దానిమ్మ దగ్గరికి వెనక్కి వెళ్ళి ఇంకోసారి వినండి. మూడోదానికి "అల్" మర్చిపోయి "జారున్" అన్నవాళ్ళు, "అల్ ఉంటే ఉ, లేకపోతే అన్" అని ఒకసారి పైకి అనుకోండి. మీరు కట్టిన వాక్యాలు కామెంట్లో పెట్టండి, అచ్చు గుర్తులతో సహా. మళ్ళీ కలుద్దాం.